నీటి సరఫరా అంతరాయ ప్రకటన: అపోహలు – వాస్తవాలు

హైదరాబాద్‌లో జలమండలి నీటి అంతరాయ ప్రకటన ఇచ్చిన ప్రతిసారీ దాని కింద కనిపించే ప్రశ్నలు దాదాపు ఒకేలా ఉంటాయి. గడువు దాటినా నీళ్లెందుకు రాలేదని కొందరు, జాబితాలో లేని తమ వీధిలో నల్లా ఎందుకు ఆగిందని మరికొందరు అడుగుతుంటారు. ఇటువంటి ప్రకటనలు రాసే పనిలోనూ, వాటికి ముందు షట్‌డౌన్ సమయాన్ని ఇంజినీర్లతో కూర్చుని లెక్కవేసే పనిలోనూ ఉన్నవాడిని కనుక, ఈ ప్రశ్నల్లో చాలావాటికి కారణం ప్రకటనను నల్లా వైపు నుంచి చదవడమేనని చెప్పగలను. ప్రకటన తయారయ్యేది గొట్టం వైపు నుంచి. ఒక మాదిరి ప్రకటనను ముందు పెట్టుకుంటే విషయం తేలికగా తెలుస్తుంది.

"నగరానికి కృష్ణా జలాలను సరఫరా చేసే ఫేజ్-2 పంపింగ్ మెయిన్‌కు లీకేజీ ఏర్పడినందున మరమ్మతులు చేపడుతున్నాం. బుధవారం ఉదయం 6 గంటల నుంచి గురువారం ఉదయం 6 గంటల వరకు 24 గంటల పాటు సంతోష్‌నగర్, సైదాబాద్, దిల్‌సుఖ్‌నగర్, నాచారం, ఏలుగుట్ట రిజర్వాయర్ల పరిధిలో నీటి సరఫరాకు అంతరాయం కలుగుతుంది. మరికొన్ని ప్రాంతాల్లో తక్కువ ఒత్తిడితో సరఫరా అవుతుంది. ఫిర్యాదులకు 155313 నంబరును సంప్రదించగలరు."

ఇది నేను ఈ వివరణ కోసం కల్పించిన మాదిరి. రోజులు, పేర్ల ఎంపిక ఉదాహరణకే. హెల్ప్‌లైన్ నంబరు మాత్రం జలమండలిదే.

అపోహ: గురువారం ఉదయం 6 గంటలకు నల్లా తిప్పితే నీళ్లు రావాలి.

వాస్తవం: ప్రకటనలోని సమయం పంపులు ఆపడానికీ, తిరిగి నడపడానికీ సంబంధించినది. కృష్ణా నీరు నాగార్జునసాగర్ వైపు నుంచి అక్కంపల్లి జలాశయానికి, అక్కడి నుంచి కోదండాపూర్ శుద్ధి కేంద్రానికి, ఆపై నాసర్లపల్లి, గోడకొండ్ల, గున్‌గల్ మీదుగా నగర శివార్లలోని సాహెబ్‌నగర్‌కు చేరుతుంది. ఈ మార్గంలో ఎక్కడో ఒక చోట మరమ్మతు జరిగితే నీరు తిరిగి మీ వీధికి రావడానికి ముందు గొట్టం నిండాలి, మధ్యలోని రిజర్వాయర్లు నిండాలి, ఆ తర్వాతే మీ ప్రాంతపు వాల్వు తెరుచుకోవాలి.

గొట్టం నిండడానికి ఎంతసేపు పడుతుందో లెక్కవేసి చూద్దాం. 2,200 మిల్లీమీటర్ల వ్యాసం గల ఉక్కు గొట్టంలో ఒక కిలోమీటరు పొడవుకు సుమారు 38 లక్షల లీటర్లు పడతాయి. మరమ్మతు కోసం రెండు వాల్వుల మధ్య ఐదు కిలోమీటర్ల భాగాన్ని ఖాళీ చేశారనుకుంటే అది 1.9 కోట్ల లీటర్లు. కృష్ణా పథకంలో ఒక్కో ఫేజ్ సామర్థ్యం రోజుకు 9 కోట్ల గ్యాలన్లు, అంటే గంటకు దాదాపు 1.7 కోట్ల లీటర్లు. ఈ అంకెలను బట్టి చూస్తే గంటకు కాస్త అటూఇటూగా గొట్టం నిండిపోవాలి. కానీ ఖాళీ గొట్టంలోకి ఆ వేగంతో నీటిని ఎవరూ వదలరు. గొట్టంలో ఉన్న గాలి ఎత్తైన చోట్ల అమర్చిన ఎయిర్ వాల్వుల గుండా నెమ్మదిగా బయటికి పోవాలి. అలా పోలేక లోపల చిక్కుకుంటే, దూసుకొస్తున్న నీరు ఆ గాలిని నొక్కి, ఒత్తిడి ఒక్కసారిగా పెరిగి, నిన్న అతికించిన చోటో దానికి పక్కనున్న పాత అతుకో తెగుతుంది. అందువల్ల నీటి ముందు అంచు సెకనుకు సుమారు 0.3 మీటరు వేగం దాటకుండా నింపడం సురక్షితమైన పద్ధతి. ఆ వేగంతో ఐదు కిలోమీటర్లు నిండడానికి నాలుగున్నర గంటలకు పైగా పడుతుంది. మొదటిసారి అతికించిన మరమ్మతు గొట్టం నింపేటప్పుడే తిరిగి లీకయి, పని మళ్లీ మొదటికొచ్చిన సందర్భాలు ఈ శాఖలో ఉన్నవారందరికీ తెలుసు. గడువు పొడిగిస్తున్నట్టు వచ్చే రెండో ప్రకటన చాలాసార్లు అటువంటి రాత్రి తర్వాతదే.

గొట్టాన్ని ఖాళీ చేయడం కూడా అంత తొందరగా అయ్యే పని కాదు. అడుగున ఉన్న స్కవర్ వాల్వులు తెరిచి నీటిని దగ్గరి వాగులోకో కాలువలోకో వదలాలి. లోపల సన్నటి ధార కారుతున్నంతవరకు ఉక్కు గొట్టానికి వెల్డింగ్ నిలవదు. కనుక మన మాదిరి ప్రకటనలోని 24 గంటల్లో ఐదారు గంటలు ఖాళీ చేయడానికి, పది పన్నెండు గంటలు కోత, అతుకు, వెల్డింగ్ పనికి, మిగిలినది నింపడానికి పోతుంది. ఉదయం 6 గంటలకు పంపులు పూర్తి ఒత్తిడితో నడుస్తున్నాయంటే పని అనుకున్న సమయానికే పూర్తయినట్టు. కానీ అప్పటికి నగరంలోని రిజర్వాయర్లు రోజంతా వాడుకతో అడుగంటి ఉంటాయి. రిజర్వాయరులో కొంత మట్టం పెరిగేవరకు లైన్‌మన్ వాల్వు తెరవడు. తెరిస్తే దగ్గరి ఇళ్లకు నీళ్లొచ్చి, చివరి వీధులకు చుక్క కూడా అందదు.

అపోహ: 24 గంటల అంతరాయమంటే మాకు ఒక్క రోజే నీళ్లుండవు.

వాస్తవం: ఇరవై నాలుగు గంటలూ నల్లా వచ్చే ఊరికే ఈ లెక్క సరిపోతుంది. హైదరాబాద్‌లో ఎక్కువ ప్రాంతాలకు నీరు విడతల వారీగా, చాలాచోట్ల రోజు విడిచి రోజు, ఒకటి రెండు గంటల పాటు వస్తుంది. అంతరాయం మీ విడతతో ఎక్కడ తగులుతుందన్నదే ముఖ్యం.

మన మాదిరినే మూడు కాలనీలకు అన్వయించి చూద్దాం. మొదటి కాలనీకి సోమ, బుధ, శుక్రవారాల్లో ఉదయం 7 నుంచి 9 వరకు నీళ్లు వస్తాయి. బుధవారం విడత పోయింది. దాన్ని గురువారానికి జరపకపోతే సోమవారం 9 గంటల తర్వాత మళ్లీ నీరు చూసేది శుక్రవారం 7 గంటలకు, అంటే దాదాపు నాలుగు రోజుల ఎడం. రెండో కాలనీ విడత మంగళ, గురు, శనివారాల్లో ఉదయం 7 గంటలకు. ప్రకటన ప్రకారం 6 గంటలకే అంతరాయం ముగుస్తుంది కనుక తమకేమీ ఇబ్బంది లేదని వారు నిశ్చింతగా ఉంటారు. రిజర్వాయరు అప్పుడే నిండడం మొదలుపెట్టింది కాబట్టి వారి విడత మధ్యాహ్నానికి జారవచ్చు, లేదా సన్నటి ధారగా రావచ్చు. నిజంగా ఇబ్బంది లేనిది మూడో కాలనీకి. వారి విడత మంగళవారం సాయంత్రం అయింది, తర్వాతది గురువారం సాయంత్రం. ఈ ముగ్గురికీ ప్రకటన ఒక్కటే, అందులోని గంటలూ అవే.

అందువల్ల ప్రకటన చూడగానే మీ విడత రోజును, ఆరంభ సమయాన్ని పక్కన పెట్టి పోల్చుకోండి. నా అభిప్రాయంలో ప్రకటనలే ఈ పని చేయాలి; పోయిన విడతను ఏ రోజుకు జరుపుతున్నారో ఒక వాక్యం చేరిస్తే సగం ఫోన్లు తగ్గుతాయి. అయితే ఆ నిర్ణయం ప్రకటన రాసే సమయానికి జరిగి ఉండదు, రిజర్వాయరు నిండిన తీరును బట్టి మరునాడు క్షేత్రస్థాయిలో జరుగుతుంది.

అపోహ: జాబితాలో మా కాలనీ పేరు లేదు కనుక మాకు వర్తించదు.

వాస్తవం: జాబితా కాలనీల వారీగా తయారు కాదు, ఏ గొట్టం ఏ రిజర్వాయరును నింపుతుందో దాన్ని బట్టి తయారవుతుంది. జాబితాలో కనిపించే పేర్లలో కొన్ని మీకు ప్రాంతాల పేర్లు, మాకు రిజర్వాయర్ల పేర్లు. ఒక రిజర్వాయరు కింద పదుల సంఖ్యలో కాలనీలుండగా అన్నిటి పేర్లూ రాస్తే ఎవరూ చదవరు, కొన్నిటిని రాస్తే మిగిలినవారు తమకు లేదనుకుంటారు. రోడ్డుకు ఇటువైపు ఇళ్లు ఒక రిజర్వాయరు కింద, అటువైపు ఇళ్లు మరో దాని కింద ఉండటం అరుదేమీ కాదు. ఎదురింటికి నీళ్లు వస్తుంటే తమపై వివక్ష చూపారని ఫిర్యాదు చేసేవారికి చాలాసార్లు ఇదే జవాబు.

"తక్కువ ఒత్తిడితో సరఫరా" అన్న వాక్యాన్ని చాలామంది దాటేస్తారు. కృష్ణా ఫేజ్-2 ఆగినా ఫేజ్-1, ఫేజ్-3 నడుస్తుంటాయి, మరో వైపు నుంచి గోదావరి, మంజీరా, సింగూరు నీరు వస్తూ ఉంటుంది. ఆ నీటిలో కొంత మళ్లించి, ఆగిన ప్రాంతాలను ఆదుకుంటారు. అందువల్ల మరమ్మతు జరగని మార్గం మీదున్న రిజర్వాయర్ల మట్టం కూడా తగ్గుతుంది. ఆ వాక్యం ఎత్తైన చోట ఉన్నవారికీ, లైను చివరన ఉన్నవారికీ దాదాపు నీళ్లు రావనే చెబుతోంది. పల్లంలో, రిజర్వాయరుకు దగ్గరగా ఉన్నవారికి తేడా తెలియకపోవచ్చు.

అపోహ: ముందురోజే ఇంట్లో ఉన్న పాత్రలన్నీ నింపుకుంటే సరిపోతుంది.

వాస్తవం: తాగడానికి, వంటకు నింపుకోవడం సబబే. అయితే ప్రకటన వచ్చిన సాయంత్రం ప్రతి ఇంట్లో సంపు, ఓవర్‌హెడ్ ట్యాంకు, డ్రమ్ములు ఒకేసారి నింపితే, బుధవారం మధ్యాహ్నం దాకా సాగాల్సిన రిజర్వాయరు మంగళవారం రాత్రికే ఖాళీ అవుతుంది. పంపులు ఇంకా ఆగకముందే లైను చివరి వీధులకు అంతరాయం మొదలవుతుంది.

అపోహ: మళ్లీ వచ్చిన నీరు ఎర్రగా ఉంటే శుద్ధి చేయకుండా వదిలారు.

వాస్తవం: ఎక్కువసార్లు అది గొట్టం లోపలి తుప్పు, అడుగున పేరుకున్న మడ్డి. ఖాళీ గొట్టంలోకి నీరు తిరిగి వచ్చేటప్పుడు అది కదిలి వస్తుంది, కొన్ని నిమిషాలు వదిలితే తేటపడుతుంది.

అయితే రంగు చూసి భయపడేవారు వాసనను పట్టించుకోరు. అసలు జాగ్రత్త అక్కడే కావాలి. ఒత్తిడి ఉన్నప్పుడు పగులు నుంచి నీరు బయటికి కారుతుంది; ఒత్తిడి పోయిన గొట్టం అదే పగులు నుంచి బయటి మురుగును లోపలికి పీల్చుకుంటుంది. నల్లాకు నేరుగా మోటారు బిగించి ఖాళీ లైనును లాగేవారు ఈ ప్రమాదాన్ని వీధి మొత్తానికీ తెచ్చిపెడతారు. నేరుగా మోటారు పెట్టడం నిబంధనలకు విరుద్ధం కూడా. తాగునీటి ప్రమాణాల ప్రకారం నల్లా దగ్గర లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలి. అంతరాయం తర్వాత వచ్చిన నీటికి మురుగు వాసన ఉంటే తేటగా కనిపించినా సంపులోకి వదలకండి, ఫిర్యాదు చేసి పరీక్ష చేయమని అడగండి. మురుగు కలిసిన నీరు ఒకసారి సంపులోకి చేరితే దాన్ని ఖాళీ చేసి, కడిగి, క్లోరిన్ వేసేవరకు లైనులో మంచి నీరు వచ్చినా మీ ఇంట్లో అదే నీరు వస్తుంది.

అపోహ: హెల్ప్‌లైన్‌కు ఎన్నిసార్లు ఫోన్ చేస్తే అంత తొందరగా నీళ్లు వదులుతారు.

వాస్తవం: ఫోన్ ఎత్తిన వ్యక్తి చేతిలో వాల్వు ఉండదు. షట్‌డౌన్ నడుస్తున్నప్పుడు మీ ఫిర్యాదు ఆ ప్రాంత సెక్షన్ కార్యాలయానికి వెళ్తుంది, అక్కడ కూడా జవాబు పంపులు నడవాలన్నదే. 155313కు ఫోన్ చేయడం వల్ల ఎక్కువ ఉపయోగం గడువు ముగిసిన తర్వాత. మీ బిల్లుపై ఉండే క్యాన్ నంబరు, మీ విడత రోజు, సమయం, పక్కిళ్లకు వస్తోందో లేదో చెప్పండి. వీధి మొత్తానికి రాలేదంటే వాల్వు తెరవలేదనో, లైనులో గాలి నిలిచిందనో వెతుకుతారు. మీ ఒక్క ఇంటికే రాకపోతే మీ కనెక్షన్ గొట్టంలో కదిలివచ్చిన మడ్డి అడ్డుపడి ఉండవచ్చు. ఈ రెండిటికీ వచ్చే మనిషి వేరు, తెచ్చే పనిముట్లు వేరు. "నీళ్లు రావడం లేదు" అని మాత్రమే నమోదైన ఫిర్యాదుకు ముందుగా వచ్చేవాడు ఈ సంగతి తేల్చుకోవడానికే ఒకసారి తిరిగి వెళ్లాల్సి ఉంటుంది.