తూనీగ ఆఖరి చర్మం

వానలు ఊపందుకున్నాక పొలాల మీద, ఆటస్థలాల మీద లేత పసుపు రంగు తూనీగలు గుంపులు గుంపులుగా తిరుగుతుంటాయి. చాలాసేపు ఎక్కడా వాలకుండా గాలిలోనే చక్కర్లు కొడతాయి. ఈ గుంపుల్లో ఎక్కువగా ఉండే జాతి పేరు పాంటాలా ఫ్లేవెసెన్స్. హిందూ మహాసముద్రాన్ని దాటి ఆఫ్రికా వైపు వెళ్లే వలస జీవిగా దీనికి ప్రపంచమంతటా పేరుంది. ఇంత దూరం ఎగిరే ఈ పురుగు పుట్టి పెరిగేది మాత్రం రోడ్డు పక్కన నిలిచిన వాననీటి మడుగులో, ఇంకా చెప్పాలంటే ఆ మడుగు అడుగున ఉన్న బురదలో.

ఆడ తూనీగ నీటికి దగ్గరగా ఎగురుతూ పొట్ట కొసను నీళ్లకు తాకించి గుడ్లు వదులుతుంది. మనం తోక అనుకునేది నిజానికి దాని పొట్టే. నీటిని అది గుర్తించేది ఉపరితలం మీద పరావర్తనం చెందే కాంతిని బట్టి. అందుకే నున్నగా మెరిసే కారు పైకప్పును కూడా చెరువనుకుని దాని మీద గుడ్లు పెట్టబోతుంది. ఆ గుడ్లు ఎండకు మాడిపోవలసిందే. మడుగులో పడిన గుడ్లు కొద్ది రోజుల్లో పొదిగి, ఆరు కాళ్ల పిల్లలు బయటికి వస్తాయి. పాఠ్యపుస్తకాలు వీటిని శాబకాలు అంటాయి.

బురద రంగులో, అణిగిమణిగి కూర్చునే ఈ పిల్లను చూస్తే తూనీగ అని ఎవరూ అనుకోరు. తీరు మాత్రం తల్లిదే. కనిపించిన ప్రాణినల్లా వేటాడుతుంది. దాని ఆయుధం కింది పెదవి. మోచేతి దగ్గర మడిచిన చేయిలా ఆ పెదవి తల కింద ముడుచుకుని ఉంటుంది. చివర రెండు కొక్కేలుంటాయి. దోమపిల్ల గాని, తోకకప్ప గాని అందే దూరంలోకి రాగానే పెదవి ఒక్కసారిగా చాచుకుని దాన్ని పట్టి నోటి దగ్గరికి లాక్కుంటుంది. ఈ దెబ్బకు పట్టే సమయం సెకనులో ఇరవయ్యో వంతు కూడా ఉండదు. పొట్టలోని ద్రవాన్ని ఒత్తి ఆ పీడనంతోనే పెదవిని విసురుతుందని చాలాకాలం అనుకున్నారు. జర్మనీలోని కీల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2021లో వేరే వివరణ ఇచ్చారు. పెదవి కీళ్ల దగ్గర సాగే గుణమున్న భాగాలు ముందే బిగుసుకుని ఉంటాయి. గొళ్లెం తీసినట్టు వదలగానే అక్కడ నిలవ ఉన్న శక్తి పెదవిని ముందుకు విసురుతుంది.

ఊపిరి సంగతి ఇంకా విచిత్రం. పిల్ల తూనీగ మొప్పలు పెద్దపేగు చివర, మలద్వారానికి లోపలివైపు ఉంటాయి. అది వెనక నుంచి నీళ్లు లోపలికి పీల్చి, అందులోని ఆక్సిజన్ తీసుకుని, మళ్లీ బయటికి వదులుతుంది. శత్రువు మీదికి వస్తే అవే నీళ్లను గట్టిగా వెనక్కి చిమ్మి, ఆ తోపుడుతో ముందుకు దూసుకుపోతుంది. గాజు సీసాలో వేసి కాస్త కదిలిస్తే ఈ విన్యాసం కళ్లారా చూడవచ్చు. కొందరికి దీన్ని చూడగానే నవ్వొస్తుంది. మొప్ప, ఇంజను రెండూ అదే అవయవం కావడం మాత్రం మామూలు విషయం కాదు.

పురుగుల పైచర్మం సాగదు కాబట్టి పెరగాలంటే దాన్ని విడవాలి. తూనీగ పిల్ల జాతిని బట్టి పది, పన్నెండు సార్లో, అంతకన్నా ఎక్కువో కుబుసం విడుస్తుంది. చల్లని దేశాల్లో కొన్ని జాతుల పిల్లలు నీటిలో ఏళ్ల తరబడి ఉండిపోతాయి. మడుగులో పెరిగే పాంటాలాకు అంత తీరిక ఎక్కడిది? నీళ్లు ఎండేలోగా పని ముగియాలి. నమీబియాలో చేసిన పరిశీలనల్లో దీని పిల్లలు 38 నుంచి 65 రోజుల్లో పూర్తిగా ఎదిగాయి. నీళ్లు వెచ్చగా ఉండి, తిండి దొరికితే ఈ గడువు తగ్గుతుంది. తిండి కరువైతే తోబుట్టువులనే తింటాయి.

రెక్కలు ఎప్పుడొస్తాయన్నది అసలు ప్రశ్న. సీతాకోకచిలుక గుర్తుకొచ్చి, ఏదో ఒక రోజు హఠాత్తుగా మొలుస్తాయని అనుకుంటాం. తూనీగలో అలా జరగదు. పిల్ల సగం ఎదిగేసరికి వీపు మీద చిన్న బుడిపెలు నాలుగు కనిపిస్తాయి. కుబుసం విడిచిన ప్రతిసారీ అవి కొంచెం పెద్దవవుతాయి. ఆఖరి దశకు వచ్చేసరికి అవి పొట్ట మీదికి జారిన రెండు జతల తొడుగుల్లా ఉంటాయి. రెక్క బయటే, అందరికీ కనిపించేటట్టే పెరుగుతుంది.

ఈ ఆఖరి దశలోని చివరి కొద్ది రోజులే మిగతా జీవితమంతా కలిపినదానికన్నా ఎక్కువ మార్పు తెస్తాయి. పిల్ల తిండి మానేస్తుంది. తిననని మొండికేయడం కాదు, తినే వీలే పోతుంది. పొడవాటి పెదవిలోని కణజాలం వెనక్కి జరిగిపోయి, పాత పెదవి ఉత్త తొడుగుగా మిగులుతుంది. దాని వెనక పెద్ద తూనీగకు కావలసిన పొట్టి పెదవి తయారవుతుంది. కళ్లు తల పైభాగానికి పాకుతాయి. వీపు మీది తొడుగులు ఉబ్బుతాయి. లోపల రెక్కలు మడతలు మడతలుగా ఇమిడి ఉంటాయి. ఛాతీ మీది శ్వాసరంధ్రాలు పనిచేయడం మొదలవుతుంది. నీటి అడుగున తిరిగిన పిల్ల ఇప్పుడు ఒడ్డుకు చేరి, తలా ఛాతీ నీళ్ల పైకి పెట్టి గాలి పీలుస్తుంది. రెక్కల తొడుగులు ఉబ్బి, పిల్ల గట్టుకు దగ్గరగా చేరిందంటే ఇక ఒకటి రెండు రోజుల్లో ఎగిరిపోతుందని లెక్క.

పాంటాలా సాధారణంగా చీకటి పడ్డాకే బయటికి వస్తుంది. పిల్ల ఒక గడ్డిపోచ ఎక్కి, గోళ్లతో గట్టిగా పట్టుకుంటుంది. వీపు మీద చర్మం చిట్లుతుంది. ముందు ఛాతీ, తర్వాత తల, ఆపైన కాళ్లు బయటపడతాయి. అప్పుడది పొట్ట చివరి భాగం మాత్రమే పాత చర్మంలో ఉంచి, తలకిందులుగా వెనక్కి వాలిపోతుంది. చచ్చిపోయిందేమో అనిపించేంతగా కదలిక లేకుండా అలాగే వేలాడుతుంది. కాళ్లు గట్టిపడే దాకా అది వేచి చూడక తప్పదు. తర్వాత ఒక్క ఊపున పైకి లేచి, తన పాత తలనే పట్టుకుని పొట్టను బయటికి లాక్కుంటుంది. నలిగిన కాగితంలాంటి రెక్కల్లోకి దేహద్రవం పరుగెడుతుంది. ఈనెలు చాచుకుంటాయి. రెక్కలు పూర్తిగా విచ్చుకున్నాక ఆ ద్రవం వెనక్కి పోయి పొట్ట సన్నగా, పొడవుగా సాగుతుంది.

అన్నీ సవ్యంగా జరగవు. పోచ ఊగి పడిపోయినా, గాలికి తడి రెక్క పక్క ఆకుకు తగిలినా, పక్కనే ఇంకో పిల్ల మీదికి ఎక్కినా రెక్క వంకరగానే గట్టిపడుతుంది. పెద్ద తూనీగ మళ్లీ కుబుసం విడవదు కాబట్టి ఆ వంకర సరికాదు. చీమలకు అప్పుడది సులువుగా దొరికే తిండి. పొద్దున మడుగు గట్టున వెతికితే గడ్డికి అంటుకున్న ఖాళీ చర్మాలు దొరుకుతాయి. వీపు మీది చీలికలోంచి తెల్లని దారాలు వేలాడుతుంటే అవి పాత శ్వాసనాళాల లోపలి పొరలు. పురుగు తన ఊపిరి గొట్టాల లోపలి పొరను కూడా విడిచిపోయిందన్నమాట.

ఇప్పుడు నిమ్మచెట్టు సీతాకోకచిలుక సంగతి చూద్దాం. నిమ్మ, కరివేపాకు ఆకుల మీద మొదట పిట్ట రెట్టలా, తర్వాత ఆకుపచ్చగా కనిపించే గొంగళిపురుగు దానిదే. ఎంత పెరిగినా ఈ పురుగు వీపు మీద రెక్క జాడ కనిపించదు. రెక్కకు కావలసిన కణాలు చిన్న ముద్దలుగా శరీరం లోపలే దాగి ఉంటాయి. దానికి సంయుక్త నేత్రాలు లేవు. తలకు రెండు వైపులా ఉండే చుక్కల్లాంటి చిన్న కళ్లతోనే బతుకుతుంది. తూనీగ పిల్ల కంటి అంచున కొత్త కటకాలు చేరుతూ చేరుతూ అదే కన్ను పెద్ద తూనీగ కన్నవుతుంది. సీతాకోకచిలుకకు కంటిని కొత్తగా కట్టాలి. ఆకు నమిలే దవడల స్థానంలో తేనె పీల్చే తొండం కావాలి. పొట్ట కింది బొద్దు కాళ్లు పోవాలి. ఇన్ని పనులు తిరుగుతూ, తింటూ చేయడం కుదరదు. అందుకే మధ్యలో ప్యూపా దశ వచ్చింది.

ప్యూపా లోపల అంతా కరిగి ద్రవమైపోతుందన్న మాట ప్రచారంలో ఉంది. అది సగమే నిజం. చాలా కండరాలు, పేగు విచ్ఛిన్నమవుతాయి గాని శ్వాసనాళాలు, నాడీవ్యవస్థలో కొంత భాగం నిలుస్తాయి. 2008లో అమెరికాలో పొగాకు మొక్కను తినే ఒక చిమ్మట గొంగళిపురుగులకు ఒక వాసన వచ్చినప్పుడల్లా చిన్న విద్యుత్ షాకు ఇచ్చారు. ఆఖరి గొంగళి దశలో ఈ పాఠం నేర్చుకున్నవి చిమ్మటలయ్యాక కూడా ఆ వాసనను తప్పించుకున్నాయి.

తూనీగది ‘అసంపూర్ణ రూపవిక్రియ’, సీతాకోకచిలుకది ‘సంపూర్ణ రూపవిక్రియ’ అని బడిలో చదువుకున్నాం. నాకైతే ఈ పేర్లు తూనీగకు న్యాయం చేయవనిపిస్తుంది. నీటిలో పేగుతో ఊపిరి పీల్చిన జీవి గాలిలో వేటాడే జీవి కావడంలో అసంపూర్ణమేముంది? తేడా ఉన్నది మార్పు ఎంత అన్నదాంట్లో కాదు, దాన్ని ఎప్పుడు, ఎన్ని అంచెల్లో చేస్తుందన్నదాంట్లో. సీతాకోకచిలుక రెండు అంచెల్లో మారుతుంది: గొంగళి నుంచి ప్యూపా, ప్యూపా నుంచి రెక్కల పురుగు. తూనీగకు ఒకే అంచె, అదీ ఆఖరి చర్మం కిందే.

మరి తూనీగ ఆఖరి మార్పు సీతాకోకచిలుక రెండు అంచెల్లో దేనికి సాటి? దీనికి జపాన్ పరిశోధకులు 2022లో మంచి ఆధారం చూపారు. వాళ్లు ఎంచుకున్నది ఇష్నూరా సెనెగాలెన్సిస్ అనే సూదితూనీగ. ఇది మన చెరువుల దగ్గరా కనిపిస్తుంది. పురుగుల్లో ఈ93 అనే జన్యువు ఉంది. పిండి పురుగులో దాన్ని అణచివేస్తే ప్యూపా పెద్ద పురుగు కాకుండా మళ్లీ ప్యూపాగానే మిగిలిపోతుందని 2014లోనే తెలిసింది. ఇష్నూరా పిల్లలో శరీరం మీద ఒకచోట మాత్రమే ఆ జన్యువును అణిచారు. అది రెక్కలతో బయటికి వచ్చింది గాని, ఆ ఒక్కచోట చర్మం మాత్రం నీటి పిల్ల చర్మంగానే ఉండిపోయింది. అంటే తూనీగ ఆఖరి కుబుసాన్ని నడిపేది, సీతాకోకచిలుకలాంటి పురుగుల్లో ప్యూపాను రెక్కల పురుగుగా మార్చే మీటే. తూనీగకు లేనిది ఆ ముందు అంచె ఒక్కటే.