సీటింగ్ పజిల్‌ని సరిచూడటం: అపోహలు - వాస్తవాలు

బ్యాంకు పరీక్షలకు రీజనింగ్ చెప్పేటప్పుడు నేను వేగం కన్నా సరిచూడటం మీదే ఎక్కువ పట్టుబడతాను. ఈ చిన్న పజిల్ తీసుకుందాం. రవి, లత, గోపి, మీనా, పద్మ ఒకే వరుసలో ఉత్తరం వైపు తిరిగి కూర్చున్నారు.

1. లత రవికి కుడివైపు రెండో స్థానంలో ఉంది.
2. గోపి, మీనా పక్కపక్కనే ఉన్నారు.
3. రవి పక్కన గోపి లేడు.
4. గోపి లతకు ఎడమవైపు ఎక్కడో ఉన్నాడు.

అపోహ: ఒక్క క్లూ తప్పితే చిన్న మార్పుతో సర్దేయొచ్చు.

ఎడమ నుంచి రవి, పద్మ, లత, మీనా, గోపి అని రాశారనుకోండి. మొదటి మూడు క్లూలూ సరిపోయాయి. నాలుగోది తప్పింది, గోపి లతకు కుడివైపు ఉన్నాడు. గోపిని, మీనాను తారుమారు చేసినా లాభం లేదు. రవి 1లో ఉంటే లత 3లో ఉంటుంది, పక్కపక్కన ఖాళీగా మిగిలేవి 4, 5 మాత్రమే. అంటే కదపాల్సింది రవిని. 2లో పెడితే 1, 3, 5 మిగులుతాయి, గోపి, మీనా పక్కపక్కన పట్టరు. 3లో పెడితే గోపి, మీనా, రవి, పద్మ, లత వస్తుంది. నాలుగు క్లూలూ నిలుస్తాయి.

అపోహ: రఫ్ పేపర్ మీద రాసుకున్న గుర్తులతో పోల్చుకుంటే చాలు.

ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. మొదటి క్లూని కంగారులో "మధ్యలో ఇద్దరున్నారు" అని రాసుకుంటే రవి, మీనా, గోపి, లత, పద్మ అనే అమరిక వస్తుంది. మీ గుర్తులతో పోలిస్తే అన్నీ సరిపోతాయి, ఎందుకంటే తప్పు గుర్తులోనే ఉంది. ప్రశ్నపత్రంలోని వాక్యాన్ని మళ్లీ చదివి, రవి కుడివైపు వేలు పెట్టి లెక్కపెట్టండి: ఒకటి మీనా, రెండు గోపి. లత అక్కడ లేదు. అందుకే క్లూని ప్రశ్నపత్రంలోనే చదవాలి, అమరికను మాత్రమే రఫ్ పేపర్‌లో చూడాలి.

అపోహ: అన్ని క్లూలూ సరిపోతే ఇంకో సమాధానం ఉండదు.

ఆ అమరిక క్లూలకు విరుద్ధంగా లేదని మాత్రమే అప్పుడు తెలుస్తుంది. మన సమాధానంలో గోపి, మీనాలను అటూ ఇటూ మారిస్తే మీనా, గోపి, రవి, పద్మ, లత అవుతుంది. దీన్ని కొట్టేసేది మూడో క్లూ ఒక్కటే. "లేడు, కాదు" అనే క్లూలు బొమ్మలో కనిపించవు కాబట్టి వాటినే తరచుగా మర్చిపోతారు. అది మరిస్తే రెండు అమరికలూ నిలబడతాయి, ఎడమ చివర ఎవరని అడిగితే జవాబు తేలదు. కొట్టేసిన ప్రతి అమరిక పక్కన దాన్ని కొట్టేసిన క్లూ నంబరు రాయండి. నంబరు దొరకలేదంటే ఆ అమరిక ఇంకా బతికే ఉన్నట్టు.

అపోహ: పైన ఉన్న పరిచయ వాక్యం క్లూ కాదు.

అదీ క్లూనే. వాళ్లు దక్షిణం వైపు తిరిగి ఉంటే వాళ్ల కుడి మన కాగితం మీద ఎడమ అవుతుంది, ఇదే అమరిక మొదటి క్లూ దగ్గరే ఆగిపోతుంది.