తెర వెడల్పు ఎంత? ఏ పిక్సెల్‌తో లెక్క వేశాం?

ఫోన్ తెర 6.5 అంగుళాలు అంటే అది వెడల్పూ కాదు, ఎత్తూ కాదు. కింది మూల నుంచి ఎదురుగా ఉన్న పై మూల దాకా ఏటవాలుగా కొలిచిన కర్ణం. అసలు వెడల్పు ఎంతో కావాలంటే వివరాల పట్టికలో ఇంకో రెండు అంకెలు చూడాలి. ఒకటి పిక్సెళ్ల సంఖ్య, రెండోది ఒక అంగుళంలో ఎన్ని పిక్సెళ్లు పడతాయో చెప్పే పీపీఐ. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే అంగుళాలు వస్తాయి. 2.54తో గుణిస్తే సెంటీమీటర్లు.

ఒక ఫోన్‌ని తీసుకుందాం. 1080 × 2400 పిక్సెళ్లు, 405 పీపీఐ. 1080ని 405తో భాగిస్తే 2.67 అంగుళాలు, అంటే 6.77 సెంటీమీటర్ల వెడల్పు. 2400ని అదే 405తో భాగిస్తే 5.93 అంగుళాలు, 15.05 సెంటీమీటర్ల ఎత్తు. ఇది వెలిగే తెర కొలత మాత్రమే. చుట్టూ ఉండే అంచునూ ఫ్రేమునూ కలుపుకుంటే ఫోన్ ఇంకొన్ని మిల్లీమీటర్లు పెద్దగా ఉంటుంది.

పీపీఐ ఇవ్వకపోయినా ఇబ్బంది లేదు. పైథాగరస్ సూత్రంతో కర్ణం మీద ఎన్ని పిక్సెళ్లో కనుక్కోవచ్చు. 1080 వర్గానికి 2400 వర్గం కలిపి వర్గమూలం తీస్తే దాదాపు 2632. దాన్ని 6.5తో భాగిస్తే 405 వస్తుంది. ఇక్కడ 6.5 అన్నది సర్దిన అంకె అని మాత్రం గుర్తుంచుకోవాలి. అసలు కొలత 6.45 నుంచి 6.55 దాకా ఏదైనా కావచ్చు. ఆ తేడా వల్ల వెడల్పు అటూ ఇటూ అర మిల్లీమీటరు మారుతుంది. ఇంతకంటే కచ్చితమైన జవాబు ఈ అంకెల నుంచి రాదు కాబట్టి, ఫలితాన్ని 6.7733 అని నాలుగు దశాంశాల దాకా రాయడంలో అర్థం లేదు. మూలలు గుండ్రంగా ఉన్న తెరల్లో కర్ణాన్ని మూలలు లంబకోణంలో ఉన్నట్టు ఊహించి కొలుస్తారు. అందువల్ల మన లెక్క చెడదు. వెడల్పు, ఎత్తు అలాగే ఉంటాయి, మూలల దగ్గర కొంచెం తెర మాత్రం లేకుండా పోతుంది.

ఇంతవరకూ తేలికే. లెక్క తప్పేది భాగహారంలో కాదు, ఆ రెండు అంకెలనూ ఎక్కడి నుంచి తెచ్చామన్న దగ్గర. పీపీఐని పట్టికలో చూడకుండా ఫోన్‌నే అడిగి తెలుసుకుందామని చాలామందికి అనిపిస్తుంది. అందుకు దారి ఉంది. ఆండ్రాయిడ్ ఫోన్‌లో యూఎస్‌బీ డీబగ్గింగ్ ఆన్ చేసి, `adb` అనే సాధనం ఉన్న కంప్యూటర్‌కి కలిపి ఈ రెండు కమాండ్లు ఇస్తే చాలు.

```
adb shell wm size
adb shell wm density
```

మన ఫోన్‌లో జవాబు ఇలా వచ్చిందనుకుందాం.

```
Physical size: 1080x2400
Physical density: 480
```

పేరులో `Physical` అని ఉంది కదా అని 1080ని 480తో భాగిస్తే 2.25 అంగుళాలు, అంటే 5.7 సెంటీమీటర్లు వస్తుంది. అసలు వెడల్పు కంటే సెంటీమీటరుకి పైగా తక్కువ! స్కేలు పెట్టి చూస్తే వెంటనే తెలిసిపోయేంత తప్పు ఇది. ఎందుకిలా అంటే, 480 అన్నది తెరని కొలిచి రాసిన అంకె కాదు. అక్షరాలు, బటన్లు ఎంత పెద్దగా కనిపించాలో నిర్ణయించడానికి తయారీదారు ఎంచుకున్న అంకె. ఆండ్రాయిడ్‌లో 160ని ప్రమాణంగా పెట్టుకుని 240, 320, 480, 640 లాంటి మెట్లు కట్టుకున్నారు. 480 అంటే 160కి మూడింతలు. కాబట్టి యాప్‌లో ఒక యూనిట్ అని రాస్తే ఈ తెర మీద 3 పిక్సెళ్లు వెలుగుతాయి. 1080 పిక్సెళ్ల వెడల్పు సరిగ్గా 360 యూనిట్లు అవుతుంది. యాప్‌లు చేసేవాళ్లకి ఇది చక్కగా కుదిరే అంకె, కానీ సెంటీమీటర్లతో దీనికి సంబంధం లేదు.

అనుమానం ఉంటే సెట్టింగ్స్‌లోకి వెళ్లి డిస్‌ప్లే సైజ్ పెంచి, మళ్లీ అదే కమాండ్ ఇచ్చి చూడండి. ఇప్పుడు `Override density: 540` లాంటి ఇంకో వరుస కనిపిస్తుంది. 1080ని 540తో భాగిస్తే 2 అంగుళాలు. బటన్లు పెద్దవి చేసినంత మాత్రాన గాజు పలక సన్నబడదు కదా!

ల్యాప్‌టాప్‌లోనూ ఇదే చిక్కు ఇంకో వేషంలో వస్తుంది. 15.6 అంగుళాల తెర, 1920 × 1080 పిక్సెళ్లు ఉంటే అసలు సాంద్రత 141 పీపీఐ, వెడల్పు సుమారు 34.5 సెంటీమీటర్లు. విండోస్‌లో స్కేలింగ్ 125 శాతం పెట్టుకుంటే బ్రౌజర్ మాత్రం తెర వెడల్పు 1536 అని చెబుతుంది. అవి ప్యానెల్ మీది పిక్సెళ్లు కావు, స్కేలింగ్ తర్వాత మిగిలిన లెక్క పిక్సెళ్లు. వాటిని 141తో భాగిస్తే 27.7 సెంటీమీటర్లు వచ్చి, తెరలో అయిదో వంతు మాయమవుతుంది. పోనీ రెండు అంకెలూ సాఫ్ట్‌వేర్ నుంచే తీసుకుందామంటే అదీ కుదరదు. వెబ్ పేజీల్లో ఒక అంగుళానికి 96 పిక్సెళ్లు అని నిర్వచనంలోనే రాసి పెట్టారు, తెర ఏదైనా సరే. మన ఫోన్ బ్రౌజర్‌లో వెడల్పు 360 అని వస్తే, 96తో భాగించినప్పుడు 9.5 సెంటీమీటర్లు అవుతుంది. అసలుది 6.77.

లినక్స్‌లో ఈ రెండు రకాల జవాబులూ పక్కపక్కనే చూడొచ్చు. అదే ల్యాప్‌టాప్‌లో `xdpyinfo` అనే కమాండ్‌ని అడిగితే వెడల్పు 508 మిల్లీమీటర్లు అని చెప్పవచ్చు. 1920ని 96తో భాగించి వచ్చిన 20 అంగుళాలే అవి. `xrandr` కమాండ్‌ని అడిగితే 344 మిల్లీమీటర్ల దగ్గర వస్తుంది. ఈ రెండోది `EDID` అనే చిన్న సమాచార పట్టీ నుంచి వస్తుంది. ప్యానెల్ తయారు చేసేటప్పుడే దాని కొలతల్ని మిల్లీమీటర్లలో అందులో రాసి పెడతారు. భాగహారం అక్కర్లేకుండా దొరికే కొలత కాబట్టి, ల్యాప్‌టాప్‌కి నేను ముందు చూసేది అదే.

కొన్ని ఫోన్లలో రిజల్యూషన్ తగ్గించుకునే సెట్టింగ్ ఉంటుంది. 1440 పిక్సెళ్ల ప్యానెల్‌ని 1080లో నడిపితే, 1080ని ప్యానెల్ పీపీఐతో భాగించకూడదు. పట్టికలోని పీపీఐ 1440కి చెందినది. ఏ పిక్సెల్‌ని లెక్కపెట్టామో ఆ పిక్సెల్ సాంద్రతతోనే భాగించాలి.

లెక్క సరిపోయిందో లేదో చూడటానికి బ్యాంకు కార్డు ఒకటి చాలు. ఈ కార్డులన్నీ ఒకే అంతర్జాతీయ ప్రమాణంలో ఉంటాయి, పొడవు 85.60 మిల్లీమీటర్లు, అంటే 3.37 అంగుళాలు. 405 పీపీఐ తెర మీద ఆ పొడవుకి 1365 పిక్సెళ్లు పట్టాలి. సరిగ్గా 1080 × 2400 పిక్సెళ్ల బొమ్మ తయారు చేసి, అందులో 1365 పిక్సెళ్ల నిలువు గీత గీసి, ఫోన్‌లో తెర నిండా తెరవండి. వాల్‌పేపర్‌గా పెడితే ఫోన్ బొమ్మని కాస్త సాగదీయవచ్చు, కాబట్టి గ్యాలరీలోనే చూడాలి. కార్డుని గీత పక్కన ఆనించి, ఒక కన్ను మూసి నిట్టనిలువుగా పైనుంచి చూడండి. పక్క నుంచి చూస్తే గాజు మందం వల్ల గీత జరిగినట్టు కనిపిస్తుంది.

పట్టిక అసలే దొరకని ఫోన్ అయితే ఇదే పనిని తిరగేసి చేయొచ్చు. గీతని కొంచెం కొంచెం పెంచుతూ కార్డుతో సమానం చేయండి. 1400 పిక్సెళ్ల దగ్గర సరిపోయిందనుకుందాం. 1400ని 3.37తో భాగిస్తే 415 పీపీఐ. ఈ ఫోన్ వెడల్పూ 1080 పిక్సెళ్లే అయితే, 1080ని 415తో భాగిస్తే ఆ తెర వెడల్పు 2.6 అంగుళాలు, అంటే 6.6 సెంటీమీటర్లు.