జాయింట్ పేర్ల మీద ఇల్లు: అపోహలు - వాస్తవాలు

"సేల్ డీడ్‌లో నా పేరు కూడా ఉందిగా లాయర్ గారూ, ఆయన తర్వాత ఇల్లంతా నాదే కదా?"

గుంటూరులో సివిల్ ప్రాక్టీసు చేస్తున్న నేను ఎక్కువసార్లు విన్న ప్రశ్న ఇదే. అడిగేవాళ్లు చాలావరకు భర్త పోయి ఏడాది కూడా తిరగని ఆడవాళ్లు. జవాబు చెప్పేటప్పుడు వాళ్ల ముఖం చూడటం కష్టంగా ఉంటుంది. "జాయింట్‌గా రాయిస్తే చాలు, ఇంకేం అక్కర్లేదు" అని రిజిస్ట్రేషన్ రోజున ఎవరో తేలిగ్గా అనేసిన మాటకు ఇబ్బంది పడేది వీళ్లు.

అపోహ: ఇద్దరి పేర్ల మీద కొన్న ఆస్తి, ఒకరు పోతే మొత్తం రెండోవారిదే.

వాస్తవం: అది జాయింట్ టెనెన్సీ లక్షణం. అందులో ఎవరికీ విడి వాటా ఉండదు, బతికున్నవారికే మొత్తం దక్కుతుంది. టెనెన్సీ ఇన్ కామన్‌లో అలా కాదు. ఇల్లు గోడలు కట్టి పంచుకోకపోయినా ఎవరి వాటా వారిదే, పోయినవారి వాటా వారి వారసులకు వెళ్తుంది. మన దగ్గర ఇద్దరు కలిసి కొంటే మామూలుగా వర్తించేది ఈ రెండోదే. హిందూ చట్టంలో అవిభక్త కుటుంబపు ఆస్తికి తప్ప జాయింట్ టెనెన్సీకి చోటు లేదని 1896లోనే, బ్రిటిష్ కాలంలో మన కేసులకు చివరి కోర్టైన ప్రీవీ కౌన్సిల్ చెప్పింది. దస్తావేజులో వాటాలు రాయకపోతే ఎవరు ఎంత డబ్బు పెట్టారో చూస్తారు, దానికి ఆధారం లేకపోతే చెరిసగం అనుకుంటారు. ఇది ఆస్తి బదిలీ చట్టం 45వ సెక్షన్.

(ఫ్లాట్ దస్తావేజులో "అవిభాజ్యమైన ఇన్ని గజాలు" అని ఉండేది కింద స్థలంలో ఆ ఫ్లాటుకు వచ్చే వాటా. దానికీ ఈ గొడవకూ సంబంధం లేదు.)

బ్రాడీపేటలో ఒకావిడ విషయం చెబుతాను. దంపతులిద్దరూ కలిసి 1200 అడుగుల ఫ్లాటు కొన్నారు. దస్తావేజులో కొనుగోలుదారుల దగ్గర ఒకటో పేరు ఆయనది, రెండో పేరు ఆవిడది, అంతే. వాటాల మాట లేదు. కొన్నేళ్లకు ఆయన వీలునామా రాయకుండా పోయారు. ఇంట్లో మిగిలింది ఆవిడ, కూతురు, చిన్నవాడైన కొడుకు, అత్తగారు. ఆవిడ ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ పెట్టి ఇంటి పన్ను తన పేరుకు మార్పించుకున్నారు. పన్ను రసీదు తన పేరున వస్తోంది కాబట్టి ఇల్లు తనదే అయిపోయిందని నమ్మారు. పన్ను పేరు మారితే హక్కు మారదు.

ఆయన సగం, అంటే 600 అడుగులు, హిందూ వారసత్వ చట్టం ప్రకారం మొదటి తరగతి వారసులకు సమానంగా వెళ్లింది. భార్య, కొడుకు, కూతురు, తల్లి నలుగురికీ తలా 150. ఆవిడ సొంత 600 కలిపితే 750 అడుగులు. కొడుకు ఆస్తిలో తల్లికి వాటా ఉంటుందని మన ఇళ్లలో చాలామందికి తట్టదు. ఆవిడకీ తట్టలేదు. అత్తగారు తన 150 అడుగులు కోడలికో మనవలకో రాసిచ్చి ఉంటే అక్కడితో సరిపోయేది. ఆ పెద్దావిడ కూడా ఏమీ రాయకుండానే రెండేళ్లకు కాలం చేశారు.

అప్పుడు ఆ 150 అడుగులు అత్తగారి ముగ్గురు పిల్లల శాఖలకు వెళ్లాయి. మామగారు ముందే పోయారు. బతికున్న కొడుక్కి 50, కూతురికి 50, పోయిన కొడుకు వంతు 50 అతని పిల్లలిద్దరికీ తలా 25. అత్తగారి వాటాలో కోడలికి ఏమీ రాదు. ఆ విధంగా ఎప్పుడూ ఆ ఇంటి ఊసెత్తని మరిదికీ, హైదరాబాదులో ఉన్న ఆడపడుచుకీ ఆ ఫ్లాటులో వాటా వచ్చింది.

ఈ సంగతి బయటపడింది కూతురి చదువుకోసం ఇల్లు అమ్మబోయినప్పుడు. కొనేవాళ్లు లోన్ పెట్టారు. బ్యాంకు లాయరు ఈసీ, లింక్ డాక్యుమెంట్లు చూసి, మరిదీ ఆడపడుచూ సంతకం చేయాలని లీగల్ ఒపీనియన్‌లో రాశారు. వాళ్లిద్దరూ మంచివాళ్లు. "మా వదిన ఇంట్లో మాకు వాటా ఏమిటండీ" అంటూ వచ్చి హక్కు విడుదల దస్తావేజు రిజిస్టర్ చేసి ఇచ్చారు. అలా ఇవ్వనివాళ్లనూ చూశాను. అప్పుడు పార్టిషన్ దావా తప్ప మార్గం ఉండదు.

అసలు చిక్కు కొడుకు దగ్గర వచ్చింది. మైనరు తన వాటా వదులుకోలేడు. తల్లే సహజ సంరక్షకురాలైనా, జిల్లా కోర్టు అనుమతి లేకుండా వాడి వాటా అమ్మకూడదు. అమ్మితే పద్దెనిమిది నిండాక మూడేళ్లలోపు వాడు ఆ అమ్మకాన్ని రద్దు చేయించవచ్చు, కాబట్టి ఏ బ్యాంకూ ఒప్పుకోదు. పిటిషన్ వేశాం, వాడి వంతు సొమ్ము వాడి పేర డిపాజిట్ చేస్తామని చెప్పి అనుమతి తెచ్చుకున్నాం. అది వచ్చేలోపు ఆ కొనేవాళ్లు వేరే ఫ్లాటు చూసుకుని వెళ్లిపోయారు. ఫీజు గడువు దగ్గర పడుతుంటే ఆవిడ పడ్డ టెన్షన్ నాకు తెలుసు.

ఇదంతా ఒక్క వీలునామాతో తప్పేది. ఆయన "నా సగం వాటా నా భార్యకు" అని రాసి, ఇద్దరు సాక్షుల ఎదుట సంతకం పెట్టి, వాళ్ల చేతా సంతకాలు చేయిస్తే చెల్లుతుంది. స్టాంపు పేపరు అక్కర్లేదు. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు కానీ చేయించమనే చెబుతాను, తర్వాత సంతకం ఆయనది కాదనే వాదన నిలబడటం కష్టమవుతుంది. భార్య కూడా తన సగానికి విడిగా రాయాలి. ఎవరు ముందు పోతారో ఎవరికీ తెలియదు.

అలాగాక దస్తావేజులోనే "ఒకరి తదనంతరం బతికున్నవారికి మొత్తం" అని రాయించుకోవచ్చా అంటే, స్పష్టమైన మాటలు ఉంటే దానికి చట్టం అడ్డు చెప్పదు. కానీ "ఉమ్మడిగా కొన్నాము" అన్న ఒక్క మాట సరిపోదు. ఆ మాట పట్టుకుని వచ్చేవాళ్లే ఎక్కువ.

అపోహ: బ్యాంకులో "ఐదర్ ఆర్ సర్వైవర్" లాగే ఇల్లూనూ.

వాస్తవం: కాదు. బ్యాంకులో కూడా అది డబ్బు ఎవరి చేతికి ఇవ్వాలన్న ఏర్పాటే. తీసుకున్నవారు వారసులకు లెక్క చెప్పాల్సి రావచ్చు. బ్యాంకు నామినీ సంగతీ అంతే. సుప్రీంకోర్టు 1984లో ఇన్సూరెన్సు విషయంలోనూ ఈ మాటే చెప్పింది, కానీ 2015లో ఇన్సూరెన్సు చట్టం మారింది.

అపోహ: అమెరికాలో మా అబ్బాయి ఇంటికి ఇలా లేదు.

వాస్తవం: అక్కడ చాలా రాష్ట్రాల్లో డీడ్‌లోనే సర్వైవర్‌షిప్ హక్కుతో జాయింట్ టెనెంట్స్ అని రాయించుకునే వీలుంది. అలా రాస్తే పోయినవారి వీలునామా కూడా ఆ ఇంటి మీద పనిచేయదు. ఆ రూలు అక్కడి ఇంటికే, బ్రాడీపేట ఫ్లాటుకు కాదు.

అపోహ: తాతల నాటి ఉమ్మడి ఆస్తిలో అన్న పోతే వాటా తమ్ముళ్లకు కలిసిపోతుంది.

వాస్తవం: ఒకప్పుడు అలాంటి పద్ధతి ఉండేది. 2005 సెప్టెంబరు 9 తర్వాత పోయినవారి వాటా వీలునామా ప్రకారం, అది లేకపోతే వారసులకు వెళ్తుంది.

ఇక్కడ చెప్పిన లెక్కలు హిందూ వారసత్వ చట్టం వర్తించేవారికి. క్రైస్తవులకు, ముస్లింలకు వాటాలు వేరుగా వస్తాయి. అత్తగారు ఇంకా ఉన్న ఇళ్లవాళ్లు మాత్రం ఆవిడ ఆరోగ్యంగా ఉన్నప్పుడే, ఆవిడకు ఇష్టమైతేనే, విడుదల దస్తావేజో వీలునామానో రాయించుకోండి. వచ్చేటప్పుడు సేల్ డీడ్ నకలు, డెత్ సర్టిఫికెట్, ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్, పిల్లల పుట్టినతేదీ కాగితాలు తెచ్చుకోండి.