పాయింట్ల పట్టిక: "మేం వాళ్లని ఓడించాం కదా, మరి వాళ్లు పైనెలా ఉన్నారు?"

లీగ్ చివరి రౌండ్ అయిన గంటలోపే పట్టిక నడిపేవాళ్ల ఫోన్లు మోగడం మొదలవుతుంది. అడిగే ప్రశ్న ప్రతిసారీ అదే: "అన్నా, పాయింట్లు సమానం, ముఖాముఖి మ్యాచ్‌లో మేమే గెలిచాం, షీట్‌లో వాళ్లు పైన చూపిస్తోందేంటి?" ఆ వెంటనే వాట్సాప్‌లో "ఫార్ములా మార్చేశారట" అని పుకారు. ఆటగాళ్ల ఆందోళన న్యాయమైనదే, ఒక్క స్థానం తేడాతో సెమీస్ పోతుంది మరి. కానీ రూల్ చదవకుండా పుకారు పుట్టించేవాళ్ల వల్ల జరిగే నష్టం అంతా ఇంతా కాదు. అందుకే ఈ ఒక్క అపోహ దగ్గరే ఎక్కువసేపు ఆగుతాను.

అపోహ: ముఖాముఖి రూల్ అంటే ఆ ఇద్దరి మ్యాచ్‌లో గెలిచినవాళ్లే పైన

సరిగ్గా రెండే జట్లు సమానమైనప్పుడు ఇది నిజం. మూడో జట్టు కూడా అవే పాయింట్లతో ఉంటే లెక్క మారిపోతుంది. అప్పుడు సమానమైన జట్లన్నింటినీ కలిపి, వాటి మధ్య జరిగిన మ్యాచ్‌లతో మాత్రమే ఒక మినీ టేబుల్ వేయాలి. అందులో పాయింట్లు, తర్వాత గోల్స్ తేడా, తర్వాత కొట్టిన గోల్స్ చూడాలి.

2024 యూరో కప్ ఫుట్‌బాల్ గ్రూప్ ఇ దీనికి సరైన ఉదాహరణ. రొమేనియా 3-0తో ఉక్రెయిన్‌ని, స్లొవేకియా 1-0తో బెల్జియంని, ఉక్రెయిన్ 2-1తో స్లొవేకియాని, బెల్జియం 2-0తో రొమేనియాని ఓడించాయి. చివరి రోజు స్లొవేకియా, రొమేనియా 1-1తో, ఉక్రెయిన్, బెల్జియం 0-0తో డ్రా చేసుకున్నాయి. నాలుగు జట్లకీ ఒక గెలుపు, ఒక డ్రా, ఒక ఓటమి. గెలుపుకి 3, డ్రాకి 1 చొప్పున అందరికీ 4 పాయింట్లే.

ఇప్పుడు "ఓడించినవాళ్లే పైన" అనే సూత్రం పట్టుకుని చూడండి. బెల్జియం రొమేనియా కన్నా పైన, రొమేనియా ఉక్రెయిన్ కన్నా పైన, ఉక్రెయిన్ స్లొవేకియా కన్నా పైన, స్లొవేకియా మళ్లీ బెల్జియం కన్నా పైన. తిరిగి మొదటికే వచ్చాం. ఇద్దరిద్దరిని పోల్చే IF ఫార్ములాలతో పట్టిక కట్టినవాళ్లందరూ ఇరుక్కునేది ఇక్కడే. షీట్ ఎర్రర్ చూపించదు, ముందు ఏ జోడీని పోలిస్తే దాని ప్రకారం ఏదో ఒక వరుస ఇచ్చేస్తుంది. తప్పు బయటపడదు కాబట్టే ఇది ప్రమాదం.

అసలు రూల్ ప్రకారం నలుగురూ సమానం కాబట్టి ఆరు మ్యాచ్‌లూ మినీ టేబుల్లోకి వస్తాయి. పాయింట్లు తేల్చలేదు. గోల్స్ తేడాలో రొమేనియా +1, బెల్జియం +1, స్లొవేకియా 0, ఉక్రెయిన్ -2. స్లొవేకియా మూడో స్థానానికి, ఉక్రెయిన్ నాలుగో స్థానానికి వెళ్లాయి. మిగిలింది రొమేనియా, బెల్జియం.

అసలు చిక్కు ఇక్కడుంది. "ఇక ఇద్దరే మిగిలారు, వాళ్ల మ్యాచ్ చూద్దాం" అని ఇప్పుడే మొదటికి వెళితే బెల్జియం మొదటి స్థానంలో ఉంటుంది. కానీ యూరో నిబంధన అలా లేదు. పాయింట్లు, గోల్స్ తేడా, కొట్టిన గోల్స్ అనే మూడు మెట్లూ పూర్తిగా దిగాకే, అప్పటికీ సమానంగా మిగిలినవాళ్లకి మినీ టేబుల్ మళ్లీ వేయాలి. మూడో మెట్టులో రొమేనియా 4 గోల్స్, బెల్జియం 2. అక్కడే తేలిపోయింది. తనని 2-0తో ఓడించిన బెల్జియం కన్నా రొమేనియా పైన నిలిచి గ్రూప్ గెలిచింది. ఫార్ములాలో మోసం లేదు, రూల్‌ని ఏ వరుసలో నడపాలో అలాగే నడిపారు.

మీ లీగ్ నిబంధనల్లో ఈ ఒక్క వాక్యం ఉందో లేదో చూసుకోండి: మళ్లీ మొదటికి వెళ్లేది ఒక జట్టు విడిపోగానేనా, మెట్లన్నీ అయ్యాకా? ఊరి టోర్నమెంట్ కరపత్రాల్లో "టై అయితే ముఖాముఖి" అని మూడు ముక్కలు రాసి వదిలేస్తారు. తర్వాత గొడవంతా దాని మీదే. మొదటి మ్యాచ్‌కి ముందే రాసి, జట్ల మేనేజర్ల చేత సంతకాలు పెట్టించండి.

షీట్‌లో దీన్ని ఎలా కట్టాలి

రెండు షీట్లు చాలు. M అనే షీట్‌లో మ్యాచ్‌లు: A ఒక జట్టు, B దాని గోల్స్, C అవతలివాళ్ల గోల్స్, D అవతలి జట్టు. T అనే షీట్‌లో పట్టిక: A జట్టు, B గెలుపు, C డ్రా, D ఓటమి, E పాయింట్లు. ముందు M షీట్‌లో ప్రతి మ్యాచ్‌కీ ఇరువైపుల పాయింట్లు F, G కాలమ్స్‌లో తీయండి:

```
F2: =IF(OR(B2="",C2=""),"",IF(B2>C2,3,IF(B2=C2,1,0)))
G2: =IF(F2="","",IF(F2=3,0,IF(F2=1,1,3)))
```

గెలుపులంటే F, Gలలో 3లు లెక్కపెట్టడమే. డ్రాలకి 1లు, ఓటములకి 0లు:

```
T!B2: =COUNTIFS(M!A:A,A2,M!F:F,3)+COUNTIFS(M!D:D,A2,M!G:G,3)
T!E2: =B2*3+C2
```

మినీ టేబుల్‌కి కీలకం M షీట్‌లోని E కాలమ్. ఆడిన రెండు జట్లకీ మొత్తం పాయింట్లు సమానమైతే ఆ మ్యాచ్ పక్కన 1 పడుతుంది, లేకపోతే 0:

```
M!E2: =IF(F2="",0,--(SUMIF(T!A:A,A2,T!E:E)=SUMIF(T!A:A,D2,T!E:E)))
```

ఇద్దరు సమానమైనా, నలుగురు సమానమైనా ఇదే ఫార్ములా సరిపోతుంది. ఎవరెవరు టై అయ్యారో మీరు వెతకక్కర్లేదు. 1 పడ్డ మ్యాచ్‌ల పాయింట్లు మాత్రమే కూడితే మినీ టేబుల్ పాయింట్లు వస్తాయి:

```
T!F2: =SUMIFS(M!F:F,M!A:A,A2,M!E:E,1)+SUMIFS(M!G:G,M!D:D,A2,M!E:E,1)
```

ఇదే పద్ధతిలో B, C కాలమ్స్ కూడి T షీట్‌లో Gలో మినీ గోల్స్ తేడా, Hలో మినీ గోల్స్ తీసుకోండి. ఆ తర్వాత ర్యాంకు:

```
=1+COUNTIFS(E:E,">"&E2)
 +COUNTIFS(E:E,E2,F:F,">"&F2)
 +COUNTIFS(E:E,E2,F:F,F2,G:G,">"&G2)
 +COUNTIFS(E:E,E2,F:F,F2,G:G,G2,H:H,">"&H2)
```

ప్రతి వరుసా ఒక మెట్టు. పై మెట్లన్నీ సమానంగా ఉండి, ఈ మెట్టులో నాకన్నా ఎక్కువున్నవాళ్లు ఎందరు అని లెక్కపెడుతుంది. గ్రూప్ ఇ ఫలితాలు వేసి చూడండి, రొమేనియా 1, బెల్జియం 2, స్లొవేకియా 3, ఉక్రెయిన్ 4 రావాలి. కొత్తగా కట్టిన ఏ షీట్‌నైనా ముందు ఈ ఆరు మ్యాచ్‌లతో పరీక్షించండి.

దీనికి ఒక పరిమితి ఉంది. మూడు మెట్ల తర్వాత కూడా కొందరు సమానంగా మిగిలితే ఈ ఫార్ములా వాళ్లకి ఒకే ర్యాంకు ఇచ్చి ఆగిపోతుంది. మినీ టేబుల్ మళ్లీ వేయడానికి M షీట్‌లో ఇంకో గుర్తు కాలమ్ పెట్టి, ఈసారి పాయింట్ల బదులు ఈ ర్యాంకులు సమానమా అని పోల్చాలి. అప్పటికీ తేలకపోతే మొత్తం లీగ్ గోల్స్ తేడాకి వెళ్లాలి. ఇంకో జాగ్రత్త: రెండేసి సార్లు తలపడే లీగ్‌లో ఒక్క మ్యాచే అయినప్పుడు మినీ టేబుల్ సగం బొమ్మే చూపిస్తుంది. రెండూ అయ్యేదాకా మొత్తం గోల్స్ తేడా చూపించడం మేలు.

అపోహ: ముందు గోల్స్ తేడానే చూస్తారు, అన్నిచోట్లా అంతే

కాదు. 2011-12 ప్రీమియర్ లీగ్‌లో మాంచెస్టర్ సిటీ, యునైటెడ్ చెరో 89 పాయింట్లతో నిలిస్తే +64, +56 గోల్స్ తేడాతో సిటీ గెలిచింది. 2006-07 స్పెయిన్ లీగ్‌లో రియల్ మాడ్రిడ్, బార్సిలోనా చెరో 76 పాయింట్లు. గోల్స్ తేడాలో బార్సిలోనా చాలా ముందున్నా, ముఖాముఖిలో పైచేయి ఉన్న మాడ్రిడ్‌కే టైటిల్ దక్కింది. నెట్‌లో దొరికిన టెంప్లేట్ ఏ రూల్ ప్రకారం కట్టారో తెలియకుండా వాడకండి.

అపోహ: అన్నీ ఒకే సంఖ్యలో కలిపేస్తే చాలు

`=E2*100+G2` లాంటివి చాలామంది వాడతారు. పాయింట్లని వందతో గుణించి తేడా కలపడం. ఫుట్‌బాల్లో తేడాలు చిన్నవి కాబట్టి ఇది బండి నడిపిస్తుంది. అదే షీట్‌ని కబడ్డీకి వాడారంటే కొంప మునుగుతుంది. 10 పాయింట్లు, -20 స్కోరు తేడా ఉన్న జట్టుకి 980 వస్తుంది. 8 పాయింట్లు, +185 తేడా ఉన్న జట్టుకి 985. తక్కువ పాయింట్ల జట్టు పైకెక్కింది! గుణకం పెంచితే ఇప్పటికి సర్దుకుంటుంది గానీ మెట్టుమెట్టుగా లెక్కపెట్టే COUNTIFS పద్ధతిలో ఈ భయమే లేదు.

సమాన ర్యాంకులు పోగొట్టడానికి `ROW()/1000` కలిపే అలవాటు ఇంకా చెడ్డది. జాబితాలో ముందు రాసిన జట్టు గెలిచినట్టవుతుంది, అది ఏ నిబంధనలోనూ లేదు. 2018 ప్రపంచకప్‌లో జపాన్, సెనెగల్ పాయింట్లు, గోల్స్ తేడా, గోల్స్ అన్నీ సమానం, వాళ్ల మధ్య మ్యాచ్ కూడా 2-2. చివరికి జపాన్‌కి 4 పసుపు కార్డులు, సెనెగల్‌కి 6 ఉండటంతో జపాన్ ముందుకెళ్లింది. కార్డులకైనా, టాస్‌కైనా విడిగా ఒక కాలమ్ పెట్టి చేత్తో నింపండి. అది నిండేదాకా రెండు జట్లకీ ఒకే ర్యాంకు కనపడనివ్వండి.

అపోహ: ఖాళీ గడి అంటే షీట్ వదిలేస్తుంది

వదలదు. B, C రెండూ ఖాళీగా ఉంటే `B2=C2` నిజమే అవుతుంది, ఇంకా ఆడని మ్యాచ్ డ్రాగా పడుతుంది. లీగ్ మొదలవకముందే అందరికీ పాయింట్లు కనిపిస్తే కారణం ఇదే. పైన F2లో `OR(B2="",C2="")` పెట్టింది అందుకే. జట్టు పేరు చివర ఒక స్పేస్ ఎక్కువ పడినా ఆ మ్యాచ్ లెక్కలోంచి జారిపోతుంది. పేర్లు టైప్ చేయనివ్వకుండా డ్రాప్‌డౌన్ పెట్టండి.

ఈ రెండింటినీ పట్టుకోవడానికి పట్టిక పక్కన ఖాళీ కాలమ్స్‌లో మూడు తనిఖీలు చాలు. మొత్తం గెలుపులు, మొత్తం ఓటములు సమానం కావాలి. అందరి గోల్స్ తేడాలు కూడితే సున్నా రావాలి. అందరి పాయింట్లు కూడితే, తేలిన మ్యాచ్‌కి 3, డ్రాకి 2 చొప్పున వచ్చే మొత్తం రావాలి. గ్రూప్ ఇలో నాలుగు తేలాయి, రెండు డ్రా అయ్యాయి: 12+4=16, అంటే నాలుగు జట్లకీ నాలుగేసి.

క్రికెట్ వాళ్లకి రెండు ముక్కలు

నెట్ రన్ రేట్ అంటే ఒక్కో మ్యాచ్ రేటుకి సగటు కాదు. టోర్నీ మొత్తం కొట్టిన పరుగులని ఆడిన ఓవర్లతో భాగించి, ఇచ్చిన పరుగులని వేసిన ఓవర్లతో భాగించి, మొదటిదాంట్లోంచి రెండోది తీసేయాలి. 15.2 ఓవర్లలో ఆలౌటైతే 20 ఓవర్లూ ఆడినట్టే లెక్క. ఇక 19.4 ఓవర్లని షీట్‌లో 19.4 అనే టైప్ చేస్తే తప్పు, అది 19 ఓవర్ల 4 బంతులు, అంటే 19.667. ఓవర్ల బదులు బంతులే ఎక్కించి (118) చివర్లో 6తో భాగించండి.