271 మందా, 385 మందా, 664 మందా: చిత్తూరు మామిడి సర్వే వెనుక 1.96 కథ

తిరుపతిలో సామాజిక శాస్త్రాల పరిశోధన చేసేవారికి 385 అనే అంకె బాగా పరిచయం. సర్వేకు ఎంతమందిని అడగాలని ఎవరైనా అంటే చాలామంది ఆలోచించకుండా చెప్పే జవాబు అదే. 1970లో క్రెజ్సీ, మోర్గాన్ ప్రచురించిన పట్టికలో పది లక్షల జనాభాకు 384 అని ఉంటుంది. ఆ అంకె కూడా అదే లెక్క నుంచి వచ్చింది. కానీ దాని అడుగున 95 శాతం విశ్వాస స్థాయి అనే ఎంపిక ఉందనీ, ఆ ఎంపిక తమదేననీ గుర్తుంచుకునేవారు తక్కువ.

ఆ 95కు మూలం వ్యవసాయ ప్రయోగశాల. ఇంగ్లండ్‌లోని రోథమ్‌స్టెడ్ వ్యవసాయ పరిశోధన కేంద్రంలో పనిచేసిన ఆర్.ఎ. ఫిషర్ 1925లో వెలువరించిన పుస్తకంలో, గంట ఆకారంలో ఉండే సామాన్య విభాజనంలో ఇరవైలో ఒక వంతు, అంటే 5 శాతం, రెండు కొనల్లో కలిపి మిగలాలంటే మధ్య నుంచి 1.96 ప్రామాణిక విచలనాల దూరం వెళ్లాలని, అది దాదాపు రెండని చెప్పాడు. హద్దుగా వాడుకోవడానికి అది సౌకర్యంగా ఉందన్నదే ఆయన వాదన. మరుసటి ఏడాది రాసిన వ్యాసంలో, ఇరవైలో ఒకటి చాలదనుకునేవారు యాభైలో ఒకటి, వందలో ఒకటి పెట్టుకోవచ్చని కూడా అన్నాడు. ఆయన పట్టికల్లో 10, 5, 2, 1 శాతాల నిలువు వరుసలున్నాయి. కంప్యూటర్లు లేని కాలంలో పట్టికలో ఉన్న వరుసే వాడుకలోకి వచ్చింది.

అసలు విలువ ఉండే చోటును సర్వే నుంచి కింది, పై హద్దులతో చెప్పే విశ్వాస అంతరం అనే భావన మాత్రం ఫిషర్‌ది కాదు. 1934లో జెర్జీ నేమన్ శాంపిల్ సర్వేల మీద చదివిన పత్రంలో దాన్ని ముందుకు తెచ్చాడు. 95 శాతం అంటే చేతిలో ఉన్న ఈ ఒక్క ఫలితం నిజమయ్యే అవకాశం కాదు. ఇదే పద్ధతిలో మళ్లీ మళ్లీ సర్వే చేస్తే, వచ్చే అంతరాల్లో దాదాపు 95 శాతం అసలు విలువను పట్టుకుంటాయని అర్థం. ఈ తేడా తెలియకుండా రాసిన నివేదిక చదువరిని తప్పుదారి పట్టిస్తుంది.

చిత్తూరు జిల్లా తోతాపురి రైతుల్లో ఎంత శాతం మంది పంటను నేరుగా గుజ్జు ఫ్యాక్టరీకి తోలుతున్నారో తెలుసుకోవాలనుకుందాం. జవాబు అటూ ఇటూ 5 శాతం పాయింట్ల లోపు ఉంటే చాలు. సూత్రం ఇది:

n = z² × p(1−p) ÷ e²

ఇక్కడ n అడగాల్సిన రైతుల సంఖ్య. z సందిగ్ధ విలువ, అంటే ఎంచుకున్న విశ్వాస స్థాయికి మధ్య నుంచి ఎన్ని ప్రామాణిక విచలనాల దూరం వెళ్లాలో చెప్పే అంకె. అసలు నిష్పత్తి p ముందుగా తెలియదు కాబట్టి, శాంపిల్ అతి పెద్దదయ్యే 0.5 తీసుకుంటాం. e మనం ఒప్పుకునే అటూ ఇటూ హద్దు, దాని విలువ 0.05. విశ్వాస స్థాయి 90 శాతమైతే z 1.645, శాంపిల్ 271 మంది. 95కు z 1.96, 385 మంది. 99కు z 2.576, 664 మంది.

z పెరిగింది కొద్దిగానే అనిపిస్తుంది. కానీ సూత్రంలో అది వర్గమై కూర్చుంటుంది. 90 నుంచి 95కు వెళ్లడానికి అదనంగా 114 మంది చాలు. 95 నుంచి 99కు మరో 279 మంది కావాలి. సామాన్య విభాజనపు కొనలు పలచబడుతూ పోతాయి కాబట్టి, చివరి నాలుగు శాతాన్ని పట్టుకోవాలంటే చాలా దూరం జరగాలి.

తరచూ జరిగే పొరపాటు ఒకటుంది. నివేదికలో 99 శాతం అని రాస్తారు, శాంపిల్ మాత్రం 385 దగ్గరే ఉంచుతారు. అప్పుడు అటూ ఇటూ 5 అన్న మాట నిలవదు, హద్దు దాదాపు 6.6కు పెరుగుతుంది. n, p చదువరికి కనిపిస్తాయి కాబట్టి ఎవరైనా లెక్కగట్టి పట్టుకోవచ్చు.

దీనికన్నా పెద్ద సమస్య ఊళ్ల ఎంపికలో ఉంటుంది. పైన చెప్పిన సూత్రం ఒక్కొక్క రైతును విడిగా, యాదృచ్ఛికంగా ఎంచుకున్నట్టు భావిస్తుంది. వాస్తవంలో ప్రయాణ ఖర్చు తగ్గించుకోవడానికి ఊరికి పదిమంది చొప్పున అడుగుతారు. ఒకే ఊరివాళ్లు ఒకే ఫ్యాక్టరీకి, ఒకే దళారీకి దగ్గరగా ఉంటారు కాబట్టి వారి జవాబులు కొంత ఒకేలా ఉంటాయి. ఆ పోలికను కొలిచే సహసంబంధం 0.1 అనుకుంటే, ఊరికి పదిమందిని తీసుకున్నప్పుడు శాంపిల్‌ను 1 + 9 × 0.1, అంటే 1.9తో గుణించాలి. 385 కాస్తా 732 అవుతుంది. అంతమందిని అడగకుండా 385తోనే ఆగిపోతే, 95 శాతం స్థాయిలో హద్దు 6.9 దగ్గరికి చేరుతుంది. విశ్వాస స్థాయిని 99 చేసినంత మాత్రాన ఈ లోపం పోదు.

నా అభిప్రాయంలో బడ్జెట్ పరిమితంగా ఉన్నప్పుడు ముందు చూసుకోవలసింది ఊళ్ల సంఖ్యే. ఊరికి ఐదుగురినే అడిగితే గుణకం 1.4కు తగ్గుతుంది. 90 శాతం స్థాయిలో 271ని దానితో గుణిస్తే 380 మంది, 76 ఊళ్లు. దాదాపు అదే 385 మంది ఖర్చుతో, కాకపోతే ఊళ్లు తిరిగే శ్రమ ఎక్కువ చేసి, అటూ ఇటూ 5 అన్న మాటను నిజంగా నిలబెట్టుకోవచ్చు. నివేదికలో 90 అని స్పష్టంగా రాస్తే సరిపోతుంది.