జ్వరం తగ్గింది కదా, పరుగు మొదలుపెట్టొచ్చా? గుండె కండరం వాపుపై అపోహలు - వాస్తవాలు

ఆ అబ్బాయికి 22 ఏళ్లు. కానిస్టేబుల్ ఈవెంట్స్‌కి ఇంకా మూడు వారాలే ఉంది. నాలుగు రోజులు వైరల్ జ్వరం, గొంతు నొప్పి, ఒళ్లు నొప్పులు. అయిదో రోజు జ్వరం లేదు. ఆరో రోజు తెల్లవారుజామునే గ్రౌండ్‌కి వెళ్లాడు. 1600 మీటర్లంటే 400 మీటర్ల ట్రాక్ మీద నాలుగు రౌండ్లు, అతనికి రోజూ అలవాటైన పరుగే. ఆ రోజు మాత్రం రెండో రౌండ్‌కే ఛాతీ బరువెక్కింది, ఎప్పుడూ లేనంత దడ. గ్యాస్ మాత్ర వేసుకుని మర్నాడు కూడా పరిగెత్తాడు. ఆ రాత్రి నొప్పి ఎక్కువైతే వాళ్ల నాన్న నా దగ్గరికి తీసుకొచ్చారు.

"పొద్దున్నే ఏమీ తినకుండా పరిగెడతాడండీ, గ్యాసే అయ్యుంటుంది డాక్టర్ గారూ" అన్నారాయన. అది గ్యాస్ కాదు, మయోకార్డైటిస్. అంటే గుండె కండరంలో వాపు. ఎవరూ గుర్తుపట్టకుండా ఆ తండ్రీకొడుకుల వివరాలు కొన్ని మార్చాను, వైద్య విషయాలు మాత్రం జరిగినవే.

అపోహ: జ్వరం పోయిందంటే వైరస్ కథ ముగిసినట్టే.

వైరల్ జ్వరం వచ్చిన వాళ్లలో ఎక్కువ మందికి గుండెకు ఏమీ కాదు. అందుకని ప్రతి జ్వరానికీ టెన్షన్ పడక్కర్లేదు. కానీ కొద్దిమందిలో కాక్సాకీ, ఇన్‌ఫ్లూయెంజా, కోవిడ్, డెంగీ లాంటి వైరస్‌ల తర్వాత గుండె కండరం దెబ్బతింటుంది. కొంత నష్టం వైరస్ చేస్తుంది. మిగతాది, వైరస్‌ను వెతుక్కుంటూ కండరంలోకి చేరిన మన రోగ నిరోధక కణాలు చేస్తాయి. వాటి పని జ్వరంతో పాటే ఆగిపోదు. అందుకే ఛాతీ నొప్పి, దడ లాంటివి జ్వరం తగ్గాక, కొన్ని రోజుల నుంచి రెండు మూడు వారాల లోపు బయటపడుతుంటాయి. సరిగ్గా ఆ రోజుల్లోనే మనం "కోలుకున్నాం" అనుకుని బరువులు ఎత్తడం, పరుగెత్తడం మొదలుపెడతాం.

అపోహ: ఈ వయసులో గుండె నొప్పేమిటి, గ్యాసో నీరసమో అయ్యుంటుంది.

ఈ జబ్బు కుర్రవాళ్లలోనే, అందులోనూ మగవాళ్లలో ఎక్కువగా చూస్తాం. జ్వరం తర్వాత నీరసం అందరికీ ఉంటుంది, నిజమే. అయితే అది రోజు రోజుకీ తగ్గాలి. తగ్గకపోగా మెట్లెక్కితే కొత్తగా ఆయాసం వస్తున్నా, వెల్లకిలా పడుకుంటే ఛాతీ నొప్పి పెరుగుతున్నా, గుండె మధ్యమధ్యలో ఒక కొట్టు తప్పినట్టు అనిపిస్తున్నా అది మామూలు నీరసం కాదు. కళ్లు తిరిగి పడిపోతే, ముఖ్యంగా పరిగెడుతూ పడిపోతే, ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి. పల్స్ కూడా చూసుకోండి. ఈ అబ్బాయికి ఒంట్లో జ్వరం లేదు, మంచం మీద కదలకుండా పడుకున్నాడు, అయినా నిమిషానికి 114 కొట్టుకుంటోంది. నాకు మొదటి అనుమానం అక్కడే వచ్చింది.

అపోహ: ఈసీజీ, ఎకో బాగుంటే గుండెకు ఏమీ లేనట్టే.

ఈ ఒక్క నమ్మకంతో ఎంతో మంది పిల్లలు మళ్లీ గ్రౌండ్‌కి వెళ్లిపోతున్నారు. అందుకే దీన్ని కొంచెం వివరంగా చెప్తాను.

అతని ఈసీజీలో గుండె కింది గోడను, పక్క గోడను చూపే లీడ్స్‌లో ఎస్‌టీ భాగం కాస్త పైకి లేచి ఉంది. గుండెపోటులో ఒక రక్తనాళం మూసుకుపోతుంది కాబట్టి ఆ నాళం పరిధిలోని లీడ్స్‌లోనే మార్పు ఉంటుంది, ఎదుటి లీడ్స్‌లో కిందికి దిగి కనిపిస్తుంది. ఇతనికి ఆ ఎదుటి దిగుడు లేదు. కొందరిలో టీ తరంగం తలకిందులవడం, అదనపు కొట్లు, పై గది నుంచి కింది గదికి కరెంటు ఆలస్యంగా చేరడం కనిపిస్తాయి. కొందరి ఈసీజీలో ఏమీ ఉండదు. అందుకే ఈసీజీ మామూలుగా ఉందని ఈ జబ్బును కొట్టిపారేయలేం.

రక్తంలో ట్రోపోనిన్ బాగా పెరిగింది. అంటే గుండె కండరం నిజంగానే దెబ్బతింటోంది. యాంజియోగ్రామ్‌లో నాళాలు శుభ్రంగా ఉన్నాయి. ఎకోలో పంపింగ్ 57 శాతం, అంటే మామూలే. "అన్నీ బాగున్నాయిగా మరి?" అని తండ్రి అడిగారు. ఎకో చూపేది గుండె కదలికను. కండరం లోపల చిన్న చిన్న చోట్ల వాపు ఉన్నా మొత్తం గుండె బాగానే కదలొచ్చు.

ఆ లోపలి సంగతి చెప్పేది కార్డియాక్ ఎంఆర్ఐ. అందులో మేం రెండు చూస్తాం. టీ2 చిత్రాల్లో కండరంలో చేరిన నీరు, అంటే తాజా వాపు, తెల్లగా వెలుగుతుంది. తర్వాత గాడోలినియం మందు ఎక్కించి పది, పదిహేను నిమిషాలు ఆగి చిత్రాలు తీస్తే దెబ్బతిన్న చోట మందు నిలిచిపోయి తెల్లటి చార కనిపిస్తుంది. ఆ చార ఎక్కడుందన్నదే అసలు ఆధారం. గుండెపోటులో అది కండరం లోపలి పొర నుంచి మొదలవుతుంది. మయోకార్డైటిస్‌లో సాధారణంగా లోపలి పొర బాగానే ఉండి, బయటి పొరలోనో గోడ మధ్యలోనో చార కనిపిస్తుంది. ఇతనికి పక్క గోడ బయటి అంచున సన్నటి తెల్ల గీత ఉంది. తండ్రిని పిలిచి స్క్రీన్ మీద చూపించాను. గ్యాస్ మాట మళ్లీ ఎత్తలేదు ఆయన.

ఈ స్కాన్ లక్షణాలు మొదలైన రెండు మూడు వారాల్లోపే చేయించడం మంచిది. ఆలస్యమైతే వాపు తగ్గిపోయి ఆనవాలు దొరకకపోవచ్చు.

అపోహ: నొప్పి తగ్గితే వ్యాయామం చేసుకోవచ్చు, చెమట పడితే ఇంకా మంచిది.

ఆసుపత్రిలో చేరిన మూడో రోజుకి అతని నొప్పి పూర్తిగా పోయింది. అదే రాత్రి మానిటర్‌లో కింది గది నుంచి వరసగా అయిదు వేగమైన కొట్లు వచ్చి ఆగాయి. నిద్రలో ఉన్న అతనికి ఆ సంగతే తెలియదు.

వాచిన కండరంలో కరెంటు ఒకే వేగంతో సాగదు. బాగున్న చోట త్వరగా, దెబ్బతిన్న చోట మెల్లగా వెళ్తుంది. అలాంటి చోట అది ముందుకు పోకుండా సుడి తిరిగే వీలుంది. గట్టిగా పరిగెత్తినప్పుడు ఒంట్లో అడ్రినలిన్ పెరిగి ఆ సుడిని రేపుతుంది. సుడి ఆగకపోతే గుండె కొట్టుకోవడం మాని వణుకుతుంది, మనిషి అక్కడికక్కడే కూలిపోతాడు. రెండో ప్రమాదం వాపుకి సంబంధించినది. కాక్సాకీ వైరస్ ఎక్కించిన ఎలుకలను ఈత కొట్టించిన ప్రయోగం ఒకటి 1970లో ప్రచురితమైంది. ఈదిన ఎలుకల గుండెల్లో వైరస్ చాలా ఎక్కువగా పెరిగింది, చావులూ పెరిగాయి. మనుషుల్లో అలాంటి ప్రయోగం ఎవరూ చేయరు, చేయకూడదు. నా రోగికి విశ్రాంతి చెప్పడానికి నాకు ఆ ఎలుకల సాక్ష్యం చాలు.

ఎంతకాలం? చాలా ఏళ్లుగా మూడు నుంచి ఆరు నెలలని చెబుతూ వచ్చాం. 2025లో వచ్చిన యూరప్ మార్గదర్శకాలు కనీసం ఒక నెల అని, ఆ తర్వాత రోగిని బట్టి నిర్ణయించమని చెప్పాయి. తేలికపాటి కేసులకు అది సరే. మానిటర్‌లో లయ తప్పింది కాబట్టి ఇతనికి మాత్రం మూడు నెలలు చెప్పాను. ఇంట్లో తిరగడం, సాయంత్రం మెల్లగా నడవడం పర్లేదు. పరుగు, జిమ్, క్రికెట్, ఊపిరి బిగబట్టి బరువులెత్తడం వద్దు. ఈవెంట్స్ పోతాయని ఆ అబ్బాయి ఏడ్చాడు. తండ్రి ఏమీ మాట్లాడలేదు, భుజం మీద చెయ్యి వేసి కూర్చున్నారు.

అపోహ: ఒకసారి మయోకార్డైటిస్ వస్తే ఇక ఆటలు లేనట్టే.

కాదు. కెనడా ఫుట్‌బాల్ ఆటగాడు అల్ఫోన్సో డేవిస్‌కు 2022 జనవరిలో కోవిడ్ తర్వాత తేలికపాటి మయోకార్డైటిస్ బయటపడింది. అతను ఆట ఆపేసి, ఏప్రిల్‌లో మళ్లీ మైదానంలోకి దిగాడు.

మన 22 ఏళ్ల అబ్బాయి మూడు నెలలకు వచ్చినప్పుడు ట్రోపోనిన్, ఎకో మామూలుగా ఉన్నాయి. 24 గంటలూ ఒంటికి తగిలించి ఈసీజీ తీసే హోల్టర్‌లోనూ, ట్రెడ్‌మిల్ మీదా లయ తప్పలేదు. ఎంఆర్ఐలో వాపు పోయింది, బయటి అంచున చిన్న మచ్చ మాత్రం మిగిలింది. మొదటి రెండు వారాలు వేగంగా నడక, తర్వాత మాట్లాడుతూ పరిగెత్తగలిగినంత జాగింగ్, నెల దాటాక వేగం. మధ్యలో నొప్పి, దడ, కళ్లు తిరగడం, వీటిలో ఏది వచ్చినా ఆపేసి ఫోన్ చేయమన్నాను. ఆ మచ్చ ఉంది కాబట్టి ఏడాదికోసారి హోల్టర్, ట్రెడ్‌మిల్ చేయించుకోవాలి. ఆ నోటిఫికేషన్ పోయింది. ఇప్పుడు తర్వాతి దానికి ప్రాక్టీస్ చేస్తున్నాడు, జ్వరం వస్తే మాత్రం ముందు నాకు ఫోన్ చేస్తున్నాడు.